ఇంటి డబ్బు, పని డబ్బు: ఒకే ఖాతాలో రెండు సంసారాలు



విజయవాడ పటమటలో ఒక ఇంటీరియర్ డిజైనర్ ఉన్నారనుకుందాం. ఉద్యోగం మానేసి సొంతంగా పని మొదలుపెట్టారు. కొత్తగా కట్టిన ఫ్లాట్లకు వంటగది, అల్మరాలు, పూజగది ఎలా ఉండాలో గీసి ఇస్తారు, దగ్గరుండి వడ్రంగుల చేత చేయిస్తారు. ఆఫీసంటూ వేరే లేదు, ఇంట్లోనే ఒక గది. బ్యాంకు ఖాతా కూడా ఒక్కటే, ఉద్యోగం చేసే రోజుల్లో జీతం పడ్డ ఖాతా. ఇప్పుడు ఫీజులు పడేది అందులోనే, పాలవాడికి ఫోన్‌పే చేసేదీ అందులోంచే.

ఆగస్టు ఒకటో తేదీన ఆ ఖాతాలో 38,000 ఉంది. నెలాఖరున చూస్తే 64,500 ఉంది. అంటే నెల తిరిగేసరికి 26,500 పెరిగింది. ఇంట్లో అందరికీ సంతోషమే. ఆవిడకు మాత్రం ఎక్కడో అనుమానం: ఇంత మిగిలే నెలైతే మధ్యలో నాన్నగారిని డబ్బెందుకు అడగాల్సి వచ్చింది?

ఈ అనుమానం తీరాలంటే స్టేట్‌మెంటు దించుకుని వరస వరసా చదవాలి. బ్యాంకు పంపే పీడీఎఫ్ కంటే ఎక్సెల్ రూపంలో దించుకుంటే నయం. పక్కన ఒక గడి పెట్టుకుని ప్రతి వరసకూ ఒక పేరు రాసుకోవచ్చు. పేర్లు నాలుగే చాలు: పని ఆదాయం, పని ఖర్చు, సొంతవాడకం, రెండిటికీ చెందనిది. ఆడిటర్ల ఆఫీసుల్లో ‘డ్రాయింగ్స్’ అనేదే ఈ సొంతవాడకం. యజమాని తన వ్యాపారంలోంచి తన కోసం తీసుకున్నదంతా దీని కిందకే వస్తుంది. అది ఖర్చు కాదు. అప్పటికే సంపాదించినదాన్ని ఇంటికి తెచ్చుకోవడం, అంతే. లెక్కల్లో అది లాభాన్ని తగ్గించదు, మూలధనాన్ని తగ్గిస్తుంది.

ఇంటికీ పనికీ మధ్య ఈ గీత కొత్తగా గీసింది కాదు. 1494లో వెనిస్‌లో అచ్చయిన లూకా పచోలీ గణిత గ్రంథంలో జమాఖర్చుల గురించి ఒక భాగం ఉంది. అందులో ఆయన వర్తకుడి ఇంటిఖర్చుకు వేరే ఖాతా పెట్టమంటాడు. ఆటల్లో పోగొట్టుకున్న డబ్బుని కూడా ఎక్కడ రాయాలో చెప్పాడు. ఆ రోజుల్లో వర్తకులు కూడా దుకాణం గల్లాలోంచే ఇంటికి సరుకులు తెచ్చుకునేవారని దీన్నిబట్టి తెలుస్తుంది.

ముందు జమ వైపు చూద్దాం. ఆగస్టులో ఆ ఖాతాలో పడినవి మూడే.

మొదటిది ఒక బిల్డరు కంపెనీ పంపిన 54,000. మోడల్ ఫ్లాటు డిజైన్ చేసినందుకు ఆవిడ వేసిన బిల్లు 60,000. కంపెనీ పది శాతం టీడీఎస్ పట్టుకుని మిగిలింది పంపింది. చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు, ఖాతాలో పడింది 54,000 కాబట్టి ఆదాయం కూడా అంతే అని రాసేస్తారు. ఆదాయం 60,000. పట్టుకున్న ఆరు వేలు ఆవిడ సొంత ఆదాయపు పన్నుకు ముందుగా కట్టిన వాయిదా. ఆదాయపు పన్ను వృత్తి ఖర్చు కాదు, మనిషి ఖర్చు. కాబట్టి అది సొంతవాడకంలోకి వెళ్తుంది. డబ్బు చేతికి రాకపోయినా లెక్కలో మాత్రం వచ్చి, వెళ్ళినట్టే.

రెండోది భవానీపురంలో ఒక ఇంటి యజమాని వేసిన 1,25,000. అందులో ఆవిడ ఫీజు 25,000. మిగతా లక్ష ప్లైవుడ్, లామినేట్లు, కీలు, హ్యాండిళ్ళు కొనడానికి ఇచ్చిన అడ్వాన్సు. ఈ లక్ష ఆవిడది కాదు. ఆవిడ చేతుల మీదుగా దుకాణానికి వెళ్ళాల్సిన డబ్బు. ఇది ఆదాయమూ కాదు, దీంతో సరుకు కొంటే అది ఆవిడ ఖర్చూ కాదు. నాలుగో పేరు పెట్టుకున్నది ఇలాంటి వాటి కోసమే.

మూడోది నాన్నగారు పంపిన 20,000. ఇదీ ఆదాయం కాదు. తిరిగి ఇవ్వాల్సిందైతే అప్పు, ఇవ్వక్కర్లేనిదైతే ఆవిడ పనిలో పెట్టిన మూలధనం. తండ్రి ఇచ్చిన డబ్బు మీద పన్ను పడదు. కానీ అది ఎవరు పంపారో, ఎందుకు పంపారో పక్కన రాసి ఉండాలి. రెండేళ్ళ తర్వాత పన్ను ఆఫీసు నుంచి నోటీసు వస్తే, ఎవరి పేరో సగం మాత్రమే కనిపించే యూపీఐ వరసను చూసి గుర్తు తెచ్చుకోవడం కష్టం.

మొత్తం జమ 1,99,000. అందులో ఆవిడ సంపాదన, టీడీఎస్‌తో కలిపి, 85,000 మాత్రమే.

ఇక చెల్లింపులు. కొన్ని వరసల దగ్గర ఆలోచించే పనే లేదు. పిల్లవాడి స్కూలు ఫీజు 18,000, ఎల్‌ఐసీ ప్రీమియం 6,000, కిరాణా, కూరగాయలు, పాలు కలిపి 12,000. ఇవన్నీ ఇంటివే. డిజైన్ సాఫ్ట్‌వేర్ చందా 3,000, త్రీడీ బొమ్మలు గీసిచ్చిన కుర్రవాడికి 12,000. ఇవి పనివి. ఈ రెండు రకాలూ పదిహేను నిమిషాల్లో విడిపోతాయి. అసలు పని రెండిటి మధ్య నిలబడ్డ వరసలతోనే.

వన్‌టౌన్‌లోని ఒక హార్డ్‌వేర్ దుకాణానికి వెళ్ళిన 86,500 చూడండి. స్టేట్‌మెంటులో అది ఒకే వరస. పేరు చూస్తే క్లయింటు సరుకే అనిపిస్తుంది. బిల్లు తీసి చూస్తే పదహారు ఎంఎం ప్లైవుడ్ షీట్లు, లామినేట్లు, డ్రాయర్లకు చానల్స్, కీలు, అన్నీ కలిపి 82,000. అడుగున ఇంకో రెండు వస్తువులున్నాయి. వంటగది సింకుకు ఒక కుళాయి, గోడకు తగిలించే స్టీలు అర. ఈ రెండూ 4,500. అవి భవానీపురం వెళ్ళలేదు, పటమటలో ఆవిడ ఇంటికి వచ్చాయి. ఎలాగూ దుకాణంలో ఉన్నాం కదా, మన కుళాయి కూడా కారుతోంది కదా అని తీసుకున్నారు. ఇందులో తప్పేమీ లేదు. కానీ బిల్లును రెండుగా చీల్చి రాయకపోతే ఆ కుళాయి క్లయింటు లెక్కలో కలిసిపోతుంది. అప్పుడు ఆవిడకు తెలియకుండానే ఇంకొకరి డబ్బుతో తన ఇంటికి కుళాయి కొనుక్కున్నట్టవుతుంది. పరువు పోయేది కూడా ఇలాంటి చోటే. క్లయింటు బిల్లులు అడిగినప్పుడు ‘ఈ కుళాయి ఎక్కడ బిగించారమ్మా?’ అంటే చెప్పడానికి ఏమీ ఉండదు.

చీల్చి రాశాక తెలిసేది ఇంకొకటి ఉంది. లక్ష అడ్వాన్సులో ఖర్చయింది 82,000. మిగతా 18,000 ఇంకా క్లయింటుదే. అది ఆవిడ బ్యాంకు నిల్వలో కూర్చుని ఉంది, అంతే.

తరవాత ఇంటద్దె, 15,000. ఇంట్లో ఒక గది పూర్తిగా పనికే వాడుతున్నారు. పెద్ద బల్ల, కంప్యూటరు, గోడ నిండా లామినేట్ నమూనాలు. అద్దె మొత్తం పని ఖర్చంటే ఎవరూ ఒప్పుకోరు. అసలు కాదంటే ఆవిడకే నష్టం. ఇల్లు 900 చదరపు అడుగులు, ఆ గది 180. అంటే అయిదో వంతు. అద్దెలో 3,000 పని ఖర్చు, 12,000 సొంతవాడకం. ఈ పాళ్ళు ఒకసారి టేపు పెట్టి కొలిచి, ఒక కాగితం మీద రాసి, ఏడాదంతా అదే పాటించాలి. నెలకో పాలు చొప్పున మారిస్తే ఏ నెల లెక్కనూ ఎవరూ నమ్మరు. పైగా, ఆ గదిలో పిల్లవాడు రాత్రిపూట పడుకుంటుంటే అది పూర్తిగా పని గది కాదు, ఆ పాలు ఇంకా తగ్గించాలి. సొంత ఇల్లైతే అద్దె అన్న ప్రశ్నే రాదు. తనకు తాను అద్దె కట్టుకున్నట్టు రాసుకోవడం కుదరదు.

కరెంటు 2,000 ఇదే పాళ్ళలో విడగొడితే పని వాటా 400. ఇంటర్నెట్‌కు చదరపు అడుగులతో సంబంధం లేదు. వెయ్యి రూపాయల బిల్లులో సగం పనికని ఆవిడ అంచనా, 500. స్కూటర్ పెట్రోలు 2,000. ఇక్కడ అంచనా పనికిరాదు, ఎందుకంటే మనసు ఎప్పుడూ ఎక్కువే చెబుతుంది. సైటుకు వెళ్ళిన రోజు బండి మీటరు అంకె ఫోన్‌లో ఫోటో తీసుకుంటే సరిపోతుంది. ఆగస్టులో బండి 800 కిలోమీటర్లు తిరిగింది. సైట్లకూ దుకాణాలకూ కలిపి 480. అంటే అరవై శాతం, 1,200. మిగతా 800 రూపాయలు పిల్లవాడిని ట్యూషన్‌కు దింపడం, చుట్టాలింటికి వెళ్ళడం.

ల్యాప్‌టాప్ ఈఎంఐ 5,000 దగ్గర చాలామంది తడబడతారు. పని కోసమే కొన్నారు కాబట్టి అయిదు వేలూ పని ఖర్చే అనుకుంటారు. కాదు. అందులో వడ్డీ 600 మాత్రమే ఖర్చు. మిగతా 4,400 అప్పు తీరుతున్న అసలు. అది ఖర్చూ కాదు, సొంతవాడకమూ కాదు. అప్పు తగ్గింది, నిల్వ తగ్గింది. మరి 60,000 పెట్టి కొన్న ల్యాప్‌టాప్ ఖర్చు ఎక్కడ కనిపిస్తుందంటే, తరుగుదలలో. ఆదాయపు పన్ను నిబంధనల్లో కంప్యూటర్లకు ఏడాదికి నలభై శాతం. ఏప్రిల్‌లో కొన్నారు కాబట్టి మొదటి ఏడాది 24,000, నెలకు 2,000 చొప్పున. ఆలస్యంగా కొని, ఆ ఆర్థిక సంవత్సరంలో 180 రోజుల కంటే తక్కువ వాడితే ఆ ఏడాది అందులో సగమే.

ఆఖరిది ఏటీఎంలో తీసిన 10,000. ఏటీఎం వరసకు పేరుండదు, అదే దాంతో చిక్కు. ఆవిడ హ్యాండ్‌బ్యాగ్‌లో వెతికితే 2,500కు చీటీలు దొరికాయి. డ్రాయింగ్ ప్రింట్లు తీసిన జిరాక్సు షాపువి, నమూనాలు మోసుకెళ్ళిన ఆటో డబ్బు రాసుకున్న చీటీలు. మిగతా 7,500కు ఆధారం లేదు. ఆధారం లేని నగదు సొంతవాడకమే. ఇందులో బేరం లేదు. ‘సైటులో టీలకీ టిఫిన్లకీ అయుంటుంది’ అని రాయడం మొదలుపెడితే ఏడాది చివర అది పెద్ద గుట్టవుతుంది.

ఇక్కడో పరీక్ష ఉంది. పాళ్ళు కట్టలేని ఏ వరస దగ్గరైనా సందేహం వస్తే, ‘ఈ పని చేయకుండా ఇంట్లో కూర్చుంటే ఈ డబ్బు ఖర్చయ్యేదా?’ అని అడిగి చూడాలి. అయ్యేదే అయితే అది సొంతవాడకం. తిండి, బట్టలు, వైద్యం ఈ ప్రశ్న దగ్గరే ఆగిపోతాయి. సైటు దగ్గర హోటల్లో తిన్న భోజనం కూడా అంతే, ఇంట్లో ఉన్నా మధ్యాహ్నం ఆకలేసేది.

ఇంత మాత్రానికి అందరూ ఒప్పుకోరు. కోర్టు దాకా వెళ్ళినవాళ్ళున్నారు, వాళ్ళు మామూలు వాళ్ళు కూడా కాదు. కేంద్ర న్యాయమంత్రిగా చేసిన ప్రసిద్ధ న్యాయవాది శాంతిభూషణ్‌కు గుండె ఆపరేషన్ జరిగింది. అమెరికా వెళ్ళి చేయించుకున్నారు. ఆ ఖర్చును వృత్తి ఖర్చుగా చూపించారు. గుండె బాగుపడ్డాకే తన సంపాదన పెరిగింది కాబట్టి గుండె తన వృత్తికి యంత్రం లాంటిదని ఆయన వాదన. వాదన వినడానికి బాగానే ఉంది. ఢిల్లీ హైకోర్టు 2011లో దాన్ని తోసిపుచ్చింది. గుండె మనిషి బతకడానికి, వృత్తికి మాత్రమే కాదు. అదీగాక, యంత్రమైతే దాన్ని ఆస్తుల పట్టీలో చూపించి ఉండాలి కదా. గుండెను ఏ ఖరీదుకు చూపిస్తారు?

ఇంగ్లండులో ఇంతకు ముందే బట్టల మీద ఇలాంటి వివాదం నడిచింది. మహిళా బారిస్టరు ఒకరు కోర్టులో తప్ప ఇంకెక్కడా వేసుకోనని నల్లబట్టల ఖర్చు చూపించారు. 1983లో హౌస్ ఆఫ్ లార్డ్స్ కాదంది. ఒంటి మీద బట్ట లేకుండా ఎవరూ కోర్టుకు రారు, కాబట్టి ఆ బట్టలు వృత్తి కోసం మాత్రమే కొన్నవి కావని. మన ఆదాయపు పన్ను చట్టం కూడా ‘పూర్తిగా, కేవలం’ వృత్తి కోసం పెట్టిన ఖర్చునే ఒప్పుకుంటుంది. 1961 చట్టంలో అది 37వ సెక్షన్. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త చట్టం అమల్లోకి వచ్చి సెక్షన్ల నంబర్లు మారాయి, ఈ సూత్రం మాత్రం మారలేదు.

ఇప్పుడు పటమట లెక్కను కూడుదాం.

సంపాదన 85,000. పని ఖర్చులు, అంటే అద్దె వాటా, కరెంటు, ఇంటర్నెట్ వాటాలు, సాఫ్ట్‌వేర్, త్రీడీ బొమ్మలు, పెట్రోలు వాటా, వడ్డీ, చీటీలున్న నగదు కలిపి 23,200. తరుగుదల 2,000 చేరిస్తే 25,200. లాభం 59,800.

సొంతవాడకాలు: అద్దెలో ఇంటి వాటా, స్కూలు ఫీజు, ఎల్‌ఐసీ, కిరాణా, కుళాయి, అర, లెక్క తెలియని నగదు, మిగతా వాటాలన్నీ కలిపి 62,900. టీడీఎస్ ఆరు వేలు కూడా కలిపితే 68,900.

సంపాదించిన లాభం కంటే 9,100 ఎక్కువ వాడుకున్నారు. అయినా బ్యాంకులో డబ్బు పెరిగింది. ఎందుకు పెరిగిందో ఇప్పుడు చెప్పడం కష్టం కాదు. నిల్వలో 18,000 క్లయింటుది, 20,000 నాన్నగారిది. ఆ రెండూ తీసేస్తే ఆవిడకు మిగిలింది 26,500. నెల మొదట్లో ఉన్న 38,000 కంటే 11,500 తక్కువ. తొమ్మిది వేల చిల్లర ఎక్కువ వాడుకోవడం, దానికి తోడు అప్పు అసలు కింద 4,400 కట్టడం, ఖాతా నుంచి డబ్బు బయటకు వెళ్ళకపోయినా ఖర్చుగా రాసిన తరుగుదల 2,000 తిరిగి కలపడం, ఆ 11,500 ఇలా వచ్చింది. లెక్క రూపాయితో సహా సరిపోయింది. అలా సరిపోకపోతే ఏదో ఒక వరసకు తప్పు పేరు పడిందన్నమాట.

స్టేట్‌మెంటు మాత్రమే నమ్ముకుంటే ఒక తప్పు పట్టుబడకుండా పోతుంది. పని ఖర్చు వేరే జేబులోంచి వెళ్ళినప్పుడు స్టేట్‌మెంటులో దాని జాడే ఉండదు. భర్త క్రెడిట్ కార్డుతో సాఫ్ట్‌వేర్ చందా కట్టారనుకోండి. అది నిఖార్సైన పని ఖర్చే. దాన్ని ఖర్చులో రాసి, అంతే మొత్తం మూలధనంగా తెచ్చినట్టు ఎదురు రాయాలి. లేకపోతే లాభం ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది.

‘మాకు ఇవన్నీ ఎందుకండీ, సగం లాభమని చూపిస్తే చాలట కదా’ అని అడిగేవాళ్ళుంటారు. నిజమే. ఇంటీరియర్ డెకరేషన్ చట్టం పేర్కొన్న వృత్తుల్లో ఒకటి. ఏడాది వసూళ్ళు 50 లక్షల లోపుంటే, నగదు వసూళ్ళు అయిదు శాతం మించని పక్షంలో 75 లక్షల దాకా, కనీసం సగాన్ని లాభంగా చూపించి పన్ను కట్టవచ్చు. ఖర్చుల పుస్తకాలు అడగరు. పాత చట్టంలో దీన్నే 44ఏడీఏ అనేవారు. అడ్వాన్సు టాక్సు కూడా నాలుగు వాయిదాల్లో కాకుండా మార్చి 15 లోపు ఒకేసారి కట్టేయవచ్చు.

కానీ ఈ సదుపాయం ఖర్చులకే, వసూళ్ళకు కాదు. సగం దేనిలో సగం అన్నది తేలాలి కదా. ఖాతాలో పడిన 1,99,000లో సగమా, సంపాదించిన 85,000లో సగమా? జమల్లో ఏది ఎవరి డబ్బో విడదీసి చూపలేనివాళ్ళు తమది కాని దాని మీద పన్ను కట్టే ప్రమాదం ఉంది. జీఎస్టీ ఇంకా సూటిగా దెబ్బ కొడుతుంది. సేవలకు రిజిస్ట్రేషన్ హద్దు ఏడాదికి 20 లక్షల టర్నోవరు. నెలకు 85,000 చొప్పున ఆవిడ ఫీజులు ఏడాదికి పది లక్షల ఇరవై వేలు. ప్లైవుడ్ బిల్లులన్నీ తన పేరు మీద తీసుకుని, మళ్ళీ తన బిల్లులో కలిపి క్లయింటు దగ్గర వసూలు చేస్తే నెలకో లక్ష చొప్పున ఇంకో పన్నెండు లక్షలు. మొత్తం ఇరవై రెండు దాటుతుంది. దుకాణంలో బిల్లు క్లయింటు పేరు మీద రాయించి, ఆయన డబ్బుతో, ఆయన తరఫున, ఉన్న ధరకే కొన్నట్టు కాగితాలుంటే ఆ పన్నెండు లక్షలు ఆవిడ టర్నోవరు కాకుండా పోతాయి. కౌంటరు దగ్గర ‘బిల్లు ఎవరి పేరు మీద మేడమ్?’ అని అడిగినప్పుడు చెప్పే జవాబు మీద ఇంత ఆధారపడి ఉంది.

సొంతవాడకాలు రాయడానికి ఇంకో కారణం కూడా ఉంది, ఇది ఆడిటర్లు కొత్తవాళ్ళకు చెప్పే విషయం. పుస్తకాల్లో సొంతవాడకం మరీ తక్కువగా ఉంటే అదే అనుమానానికి దారి. ఏడాదికి ఏడు లక్షలు సంపాదించిన మనిషి ఇంటికి అరవై వేలే తీసుకున్నట్టు రాస్తే, మరి స్కూలు ఫీజు ఎలా కట్టారని పన్ను అధికారి అడుగుతారు. జవాబు లేకపోతే, లెక్కలో చూపని ఆదాయంతో సంసారం నడుపుతున్నారని కొంత మొత్తం ఆదాయానికి కలిపేసే ప్రమాదం ఉంది. ఇంటి ఖర్చును పని ఖర్చులో దాచినవాళ్ళు ఇలా రెండు వైపులా దొరుకుతారు. ఖర్చు కొట్టేస్తారు, సొంతవాడకం చాలలేదంటారు.

ఆవిడ సెప్టెంబరులో చేయాల్సిన పనులు కొన్నే. రెండో ఖాతా తెరవాలి. వృత్తి లావాదేవీలకు కరెంటు ఖాతా తీసుకోమని బ్యాంకులు చెబుతాయి, దానికి కనీస నిల్వ ఎంతో ముందే అడిగి తెలుసుకోవాలి. ఫీజులన్నీ ఇక అందులోకి, పని చెల్లింపులన్నీ అందులోంచి. క్లయింటు 18,000 పక్కన పెట్టాలి, వచ్చే సరుకు బిల్లు దాకా ముట్టుకోకూడదు. అద్దె, కరెంటు, ఇంటర్నెట్, పెట్రోలు పాత ఖాతా నుంచే కట్టి, వాటిలో పని వాటా 5,100 నెలాఖరున కొత్త ఖాతా నుంచి ఒకే మొత్తంగా తెచ్చుకోవచ్చు. పక్కన పాళ్ళు రాసిన కాగితం ఉంటే చాలు.

ఇక నెలకోసారి ఇంటికి తీసుకునే మొత్తం. దీన్ని కొందరు ముచ్చటగా జీతమని రాసుకుంటారు. సొంత వృత్తి నడిపే మనిషికి తన దగ్గర తనకు జీతం ఉండదు, అలా రాసి ఖర్చు కింద చూపితే ఆడిటర్ గీత కొట్టి సొంతవాడకంలో వేస్తారు. పేరు ఏదైనా, ఎంత తీసుకోవాలన్నదే లెక్క. ఆగస్టు సొంతవాడకంలోంచి టీడీఎస్, కుళాయి, అర తీసేయాలి. స్కూలు ఫీజు, ఎల్‌ఐసీ కూడా పక్కన పెడితే మామూలు ఇంటి ఖర్చు 34,400 తేలుతుంది. స్కూలు ఫీజు ఏడాదికి మూడు టర్ములు, 54,000, నెలకు 4,500 పడుతుంది. ఎల్‌ఐసీ మూడు నెలలకోసారి, నెలకు 2,000. అన్నీ కలిపితే 40,900. అందుకని ప్రతి నెలా అయిదో తేదీన 41,000 పాత ఖాతాలోకి పంపేలా బ్యాంకుకు చెప్పి ఉంచాలి. నెల మధ్యలో ఇంకో వెయ్యి, ఇంకో రెండు వేలు అంటూ తీయకూడదు. తీయక తప్పకపోతే దాన్ని కూడా సొంతవాడకమని అప్పుడే రాసేయాలి.

ఆగస్టు లాంటి నెలలో లాభం, తరుగుదల కలిపి 61,800. అందులోంచి ల్యాప్‌టాప్ అసలు 4,400, టీడీఎస్ 6,000, ఇంటికి 41,000 తీసేస్తే 10,400 కొత్త ఖాతాలో ఉండిపోతుంది. దాన్ని మిగులు అనుకుంటే పొరపాటు. ఈ వృత్తిలో పనులన్నీ గృహప్రవేశం ముహూర్తాల చుట్టూ తిరుగుతాయి. శ్రావణంలో అందరికీ తొందరే, వడ్రంగి దొరకడు. ఆషాఢంలోనూ మూఢంలోనూ ఫోన్ మోగదు, కానీ అయిదో తేదీ వస్తుంది, 41,000 వెళ్తుంది. ఒక్క మూఢం నెల గడవాలంటే ఆగస్టు లాంటి నెలలు నాలుగైనా వెనక ఉండాలి.